దగ్గర దగ్గర మలుపులు, ఎక్కడో దూరంగా ఒక మూలం: గ్రాఫింగ్ కాలిక్యులేటర్ విండో ఎలా పెట్టాలి?

ప్రశ్న: సార్, నేను కావలిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్తాను. మా మరిది అమెరికా నుంచి వస్తూ తను వాడిన టీఐ-84 ప్లస్ ఇచ్చాడు. అందులో 15x⁴ − 524x³ + 1620x² − 1728x + 616 వేసి చూస్తే అక్షాన్ని ఒక్కచోటే దాటుతోంది. నోట్సులో మాత్రం నాలుగు వాస్తవ మూలాలు అని ఉంది. ZoomFit కొడితే ఉన్నది కూడా పోయింది. విండో అంకెలు ఊహించి పెట్టుకుంటూ పోవడమేనా, పద్ధతి ఏమన్నా ఉందా?

సమాధానం:

పద్ధతి ఉందమ్మా. మీ నోట్సు కరెక్టే, కాలిక్యులేటర్ కూడా బాగానే ఉంది. ఈ ఫంక్షన్‌ను ఒక్క విండోలో పూర్తిగా చూపించడం ఏ తెరకూ సాధ్యం కాదు. రెండు విండోలు కావాలి, ఆ రెండూ ఎక్కడ పెట్టాలో గ్రాఫ్ గీయకముందే కాగితం మీద తేలిపోతుంది. నేను ఒంగోలులో విదేశీ పరీక్షలకు చదివే పిల్లలకు చెప్పేటప్పుడు ఇదే వరుసలో చేయిస్తాను.

ముందు మీ తెర మీద ఏం జరిగిందో చూద్దాం. టీఐ-84 ప్లస్ గ్రాఫ్ తెరకు అడ్డంగా 95 చుక్కలు, నిలువుగా 63 చుక్కలు ఉంటాయి. కాలిక్యులేటర్ మీ ఫంక్షన్ మొత్తాన్ని చూడదు. ఒక్కో నిలువు వరుసకు ఒక x తీసుకుని, అక్కడ విలువ కట్టి, పక్క పక్క చుక్కలను గీతతో కలిపేస్తుంది, అంతే. ZStandard లో x −10 నుంచి 10 వరకు ఉంటుంది కాబట్టి చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 20/94, అంటే 0.2128. మధ్యలో ఏం జరిగినా దానికి తెలియదు.

మీ ఫంక్షన్‌కు x = 1 దగ్గర ఒక కనిష్ఠం, x = 1.2 దగ్గర ఒక గరిష్ఠం ఉన్నాయి. వాటి మధ్య దూరం 0.2, అంటే ఒక చుక్క కన్నా తక్కువ. TRACE నొక్కి ఆ ప్రాంతంలో బాణం కీతో జరిపి చూడండి, ఈ విలువలు వస్తాయి:

```
X=0.8511   Y=  3.60
X=1.0638   Y= -0.56
X=1.2766   Y= -0.17
X=1.4894   Y=-21.5
```

కాలిక్యులేటర్‌కు తెలిసినవి ఈ నాలుగే. మొదటి రెండింటి మధ్య గుర్తు మారింది, కాబట్టి గీత అక్షాన్ని ఒకసారి దాటింది. తర్వాతి రెండూ రుణమే. నిజానికి 1.0638 కూ 1.2766 కూ మధ్య ఫంక్షన్ అక్షం పైకి లేచి, 0.832 దాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగింది. ఆ లేవడం, దిగడం రెండు చుక్కల సందులో జరిగిపోయాయి. మీకు కనిపించింది అక్షానికి ఆనుకుని గీత ఒక్క క్షణం ఆగినట్టున్న చిన్న మెట్టు. ఆ మెట్టే మొదటి సూచన. నిటారుగా దిగే గీత మధ్యలో కారణం లేకుండా చదును కనిపిస్తే అక్కడ ఏదో దాగి ఉందని అనుమానించాలి.

ఇక ZoomFit సంగతి. అది చేసే పని ఏమిటంటే, మీరు పెట్టిన Xmin, Xmax అలాగే ఉంచి, ఆ మధ్య వచ్చే అతి చిన్న, అతి పెద్ద విలువలు Ymin, Ymax గా పెడుతుంది. ఇక్కడ f(−10) విలువ 8,53,896. f(10) విలువ −2,28,664. అంటే నిలువుగా ఒక్కో చుక్క సుమారు 17,500 యూనిట్లు. మీరు వెతికే ఎత్తుపల్లం రెండు యూనిట్లు కూడా లేదు. ఉదయగిరి కొండనూ, దాని కింద పొలం గెనిమనూ ఒకే కాగితం మీద ఒకే స్కేలుతో గీయమంటే కొండ వస్తుంది గానీ గెనిమ రాదు కదా, ఇదీ అంతే. ZoomFit ఎప్పుడూ కొండకే కొలత తీసుకుంటుంది.

ముందు బయటి కంచె

దూరంగా ఉన్న మూలం తప్పిపోకుండా ఉండాలంటే, x ఎంత దాటితే ఇక మూలాలు ఉండవో ముందే తెలియాలి. పుస్తకాల్లో ఉండే మొరటు హద్దు ఒకటుంది. గుణకాల్లో పరమ మూల్యం దృష్ట్యా పెద్దదాన్ని మొదటి గుణకంతో భాగించి 1 కలపడం. ఇక్కడ 1 + 1728/15, అంటే 116.2. అది నిజమే, కానీ మరీ వెడల్పు. ఇంటర్ రెండో సంవత్సరం సమీకరణ వాదంలో చేయించే సింథటిక్ డివిజన్ ఇంతకన్నా బాగా పనికొస్తుంది. ఒక ధన సంఖ్యతో భాగించినప్పుడు అడుగు వరుసలో అన్నీ ధనాత్మకాలే వస్తే, ఆ సంఖ్యకు పైన మూలం లేదు.

524/15 సుమారు 34.93 కాబట్టి 35 తో ప్రయత్నిద్దాం. 15 దించుకుంటాం. 15 × 35 − 524 = 1. 1 × 35 + 1620 = 1655. 1655 × 35 − 1728 = 56,197. చివరిది 19,67,511. అన్నీ ధనాత్మకాలే. 35 తర్వాత ఏ మూలమూ లేదు. 34 తో చేస్తే రెండో అంకె −14 వస్తుంది, కాబట్టి ఆ పరీక్ష అక్కడ ఏమీ చెప్పదు. 35 చాలు మనకు.

ఎడమ వైపు మరీ సులువు. x స్థానంలో −x పెడితే అన్ని పదాలూ ధనాత్మకం అవుతాయి, కాబట్టి రుణ మూలాలు లేవు. సున్న కూడా మూలం కాదు, f(0) = 616. అంటే వెతకాల్సిన పరిధి 0 నుంచి 35. మీ ZStandard తెరలో సగభాగం ఏమీ లేని రుణ వైపుకు పోయింది, దూరపు మూలం కుడి వైపు తెర బయట నిలబడింది.

ఇక్కడ చాలామంది డెకార్టె గుర్తుల నియమం వాడి నిశ్చింతగా ఉంటారు. మీ గుణకాల్లో గుర్తు నాలుగుసార్లు మారింది, కాబట్టి ధన మూలాలు 4, లేదా 2, లేదా 0. దగ్గర్లో ఒకటి, దూరంగా ఒకటి దొరికితే మొత్తం రెండు. 2 కూడా నియమానికి సరిపోయేదే. కాబట్టి ఆ నియమం తప్పు లెక్కను పట్టివ్వదు. దాన్ని ఇక్కడ సాక్ష్యంగా తీసుకోకండి.

ఇప్పుడు మొదటి విండో పెట్టండి:

```
Xmin=0
Xmax=35
Ymin=-1500000
Ymax=500000
Xres=1
```

దీనిలో గీత చాలాసేపు అక్షానికి అతుక్కుని పోయి, తర్వాత లోతుగా దిగి, x = 24 దగ్గర −13,74,872 ను తాకి, మళ్లీ లేచి 31, 32 మధ్య అక్షాన్ని దాటుతుంది. దూరపు మూలం దొరికింది. ఇది సుమారు 31.633.

ఈ తెరలో అంతకన్నా ముఖ్యమైనది గీత అతుక్కుని ఉన్న భాగం. ఇందులో నిలువు చుక్క ఒక్కటి 32 వేల యూనిట్లకు పైనే. f(4) = −10,072. అంటే సగం చుక్క కూడా కాదు. కాబట్టి 0 నుంచి సుమారు 4 దాకా గీత అక్షం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఫంక్షన్ సున్న అని దీని అర్థం కాదు, ఈ తెర అక్కడ మనకు ఏమీ చెప్పలేదని అర్థం. పిల్లలకు ఇది నేర్పండి: గీత అక్షానికి అతుక్కున్న ప్రతి ముక్కనూ విడిగా చూడాల్సిందే.

Xres గురించి ఒక మాట. అది 1 కాకుండా వేరే అంకె ఉంటే కాలిక్యులేటర్ కొన్ని వరుసలు వదిలేసి విలువలు కడుతుంది. ఇదివరకు వాడినవాళ్లు వేగం కోసం పెంచి వదిలేసి ఉండొచ్చు. ఒకసారి చూసుకోండి.

దగ్గర మలుపులు ఎక్కడున్నాయో గీయకుండానే తెలుసుకోవడం

0 నుంచి 4 వరకు అంగుళం అంగుళం జూమ్ చేస్తూ పోవచ్చు. కానీ ఎక్కడ ఆపాలో తెలియదు. ఇంకో మలుపుల జత ఇంకా దగ్గరగా ఉండి ఉండొచ్చు కదా అనే అనుమానం తీరదు. దాన్ని తీర్చేది రెండో డెరివేటివ్.

కారణం ఇది. రెండు మలుపుల దగ్గరా మొదటి డెరివేటివ్ సున్న. రోల్ సిద్ధాంతం ప్రకారం ఆ రెండింటి మధ్య ఎక్కడో రెండో డెరివేటివ్ సున్న కావాలి. మలుపులు ఎంత దగ్గరగా ఉన్నా సరే, వాటి మధ్య f'' మూలం ఒకటి ఉండి తీరాలి. మీది నాలుగో తరగతి బహుపది కాబట్టి f'' వర్గ సమీకరణం, సూత్రంతో తీరిపోతుంది.

```
f'(x)  = 60x^3 - 1572x^2 + 3240x - 1728
f''(x) = 180x^2 - 3144x + 3240
```

f'' ను 12 తో భాగిస్తే 15x² − 262x + 270 = 0. మూలాలు సుమారు 1.0998, 16.367. అంతే, రెండే. మలుపుల జత దాక్కోగలిగే చోట్లు ఈ రెండింటి చుట్టూ తప్ప ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు f' గుర్తు ఆ రెండు చోట్లా చూడండి. చేత్తో చేయడానికి 1.1, 16 తీసుకుంటే చాలు. f'(0) = −1728, f'(1.1) = 13.74, f'(16) = −1,06,560, ఇక x బాగా పెరిగితే f' ధనాత్మకం. గుర్తు మూడుసార్లు మారింది. f' మూడో తరగతిది కాబట్టి మూడు కన్నా ఎక్కువ మూలాలు ఉండలేవు. అంటే మలుపులు సరిగ్గా మూడు. ఇది తెర చూసి చెప్పే మాట కాదు, నిరూపణ.

f' నే గ్రాఫ్ గీసి చూడొచ్చు కదా అని మీ పిల్లలు అడుగుతారు. అడిగితే గీయమనండి. ఒకచోట 13.74, ఇంకోచోట లక్షకు పైగా రుణం ఉన్న ఆ గ్రాఫ్‌కూ ఇదే జబ్బు. గ్రాఫ్ మీద కాకుండా అంకెల మీద గుర్తు చూడటమే మంచిది.

విండో ఎంత వెడల్పు, ఎంత ఎత్తు

జూమ్ చేయాల్సిన కేంద్రం 1.1 అని తెలిసింది. వెడల్పు ఎంత పెట్టాలి? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. పెద్దగా ఎవరూ చెప్పరు గానీ నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం.

ఇన్‌ఫ్లెక్షన్ బిందువు చుట్టూ f' దాదాపు పారాబొలా. దాని శిఖరం ఎత్తు f' విలువే, దాన్ని m అందాం. ఆ పారాబొలా ఎంత వేగంగా కిందికి వంగుతుందో మూడో డెరివేటివ్ చెప్తుంది. శిఖరం నుంచి సున్నకు దిగడానికి పట్టే దూరం d అయితే:

```
d = sqrt( 2*m / |f'''| )
```

ఇక్కడ f''' = 360x − 3144. x = 1.1 దగ్గర −2748. m = 13.74. కాబట్టి 2 × 13.74 / 2748 = 0.01, దాని వర్గమూలం 0.1. మలుపులు 1.1 కు అటూ ఇటూ 0.1 దూరంలో, అంటే 1.0, 1.2 దగ్గర. పైన f' కు విలువలు పెట్టి చూసుకోండి, రెండు చోట్లా సున్నే వస్తుంది. మామూలుగా ఈ సూత్రం ఉజ్జాయింపు మాత్రమే, మలుపులు దగ్గరగా ఉన్నకొద్దీ మెరుగ్గా పనిచేస్తుంది. మనకు కావాల్సింది కూడా ఆ సందర్భంలోనే. m గుర్తూ f''' గుర్తూ ఒకటే అయితే, పారాబొలా సున్నకు దిగకుండా దూరంగా పోతుంది, అంటే ఆ చుట్టుపక్కల మలుపుల జత లేదు.

ఎత్తు కూడా దీన్నుంచే వస్తుంది. కనిష్ఠం నుంచి గరిష్ఠానికి ఫంక్షన్ ఎంత పెరిగిందో తెలియాలంటే ఆ మధ్య f' కింది వైశాల్యం చాలు. పారాబొలా కింద వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో మూడింట రెండు వంతులు. 2/3 × 0.2 × 13.74 = 1.832. నిజంగానే f(1) = −1, f(1.2) = 0.832, తేడా 1.832.

ఇక విండో కట్టడం. రెండు మలుపుల మధ్య కనీసం 20 చుక్కలైనా ఉంటే ఆకారం కంటికి ఆనుతుంది. 0.2 లో 20 చుక్కలంటే ఒక్కో చుక్క 0.01. తెర వెడల్పు 94 అడుగులు కాబట్టి మొత్తం 0.94. 1.1 మధ్యలో ఉండాలంటే 0.63 నుంచి 1.57. ఎత్తు 1.832 కు రెట్టింపు కాస్త ఎక్కువగా, −2 నుంచి 2.

```
Xmin=0.63
Xmax=1.57
Ymin=-2
Ymax=2
Xscl=0.1
Yscl=0.5
```

ఈ తెరలో గీత పైనుంచి దిగి, అక్షం దాటి, −1 కు వెళ్లి, మళ్లీ దాటి పైకి లేచి, 0.832 ను తాకి, మూడోసారి దాటి కిందికి పోతుంది. ఎత్తుపల్లం 28 చుక్కల మేర ఉంటుంది. పైన, కింద గీత తెర బయటికి పోతే పోనివ్వండి, అది మనకు పనిలేని భాగం. చుక్క 0.01 గా కట్టుకోవడంలో ఇంకో సుఖం ఉంది: TRACE చేసేటప్పుడు x విలువలు 1.05, 1.06 అంటూ చక్కగా వస్తాయి, 1.0638298 లాంటివి రావు.

ఇక్కడ ఒక ఉచ్చు. x సరిగ్గా పెట్టాం కదా అని మళ్లీ ZoomFit నొక్కకండి. f(0.63) సుమారు 41.7, f(1.57) సుమారు −40.5. అది Y ని ఆ అంచులకు తగ్గట్టు సాగదీస్తుంది. ఒక్కో చుక్క 1.3 యూనిట్లవుతుంది, మీ 1.832 మళ్లీ ఒకటిన్నర చుక్కకు కుంగిపోతుంది. Y ని అంచుల విలువలతో కాదు, మలుపుల విలువలతో పెట్టాలి. దగ్గర మలుపులు తప్పిపోవడానికి x తప్పు పెట్టడం ఒక కారణమైతే, x సరిగ్గా పెట్టి Y ని యంత్రానికి వదిలేయడం రెండో కారణం. నేను చూసిన పిల్లల్లో రెండోదే ఎక్కువ.

మూలాలు తీయడం

ముందు TABLE లో చూడండి. TBLSET లో ΔTbl 0.05 పెట్టి 0.9 నుంచి మొదలుపెడితే గుర్తులు ఇలా వస్తాయి: 0.9 దగ్గర +0.85, 0.95 దగ్గర −0.60. 1.10 దగ్గర −0.08, 1.15 దగ్గర +0.55. 1.25 దగ్గర +0.43, 1.30 దగ్గర −0.99. మూడు మార్పులు, మూడు సందులు. ΔTbl 0.5 పెట్టి ఉంటే 0.5 దగ్గర 92.4, 1.0 దగ్గర −1, 1.5 దగ్గర −23.6 మాత్రమే వచ్చి మళ్లీ ఒక్క మూలమే కనిపించేది. పట్టికకు కూడా విండో జబ్బు ఉంది, అడుగు d కన్నా చిన్నదిగా ఉంటేనే అది నమ్మదగ్గది.

ఇప్పుడు 2nd, CALC, zero తీసుకుని ఎడమ హద్దు, కుడి హద్దు ఒక్కో సందుకు విడివిడిగా ఇవ్వండి. 0.5 నుంచి 1.5 వరకు ఒకేసారి ఇస్తే మూడింట్లో ఏదో ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది, ఇంకా ఉన్నాయని చెప్పదు. విడిగా ఇస్తే 0.924, 1.106, 1.270 వస్తాయి. నాలుగోదానికి మొదటి విండోకు వెళ్లి 31, 32 మధ్య హద్దులివ్వండి, 31.633.

సరిచూసుకోవడం తేలిక. నాలుగు మూలాల మొత్తం 524/15, అంటే 34.933 కావాలి. 0.924 + 1.106 + 1.270 + 31.633 = 34.933. ఏ మూలమైనా తప్పిపోయి ఉంటే, లేదా ఒకే మూలాన్ని రెండుసార్లు రాసుకుని ఉంటే ఇక్కడ బయటపడుతుంది. డెకార్టె నియమం చేయలేని పని ఈ కూడిక చేస్తుంది.

31.633 ను Y1 లో పెట్టి చూసి పిల్లలు టెన్షన్ పడతారు, ఎందుకంటే విలువ సున్న రాదు, −2.5 చుట్టూ వస్తుంది. అది మూలం కాదనుకుంటారు. ఆ చోట వాలు నాలుగు లక్షల పైన ఉంది. x లో నాలుగో దశాంశ స్థానం కదిలితే y పదుల్లో కదులుతుంది. అదే 1.1 దగ్గర y = −0.08 వచ్చినా అది మూలం కాదు. కాబట్టి y ఎంత చిన్నదో చూసి మూలమని తేల్చకూడదు. అటూ ఇటూ గుర్తు మారిందా అనేది చూడాలి: 31.63 దగ్గర రుణం, 31.64 దగ్గర ధనం.

స్థిరపదం ఒక్కటి తగ్గిస్తే

ఇంత పట్టుదల అవసరమా అనిపిస్తే పిల్లలతో ఈ పని చేయించండి. Y2 లో అదే బహుపదిని 616 బదులు 615 తో వేయమనండి. ZStandard లో రెండూ గీస్తే మెట్టు మూడు చుక్కలు కిందికి జరగడం తప్ప తేడా చెప్పలేరు, అదే నిటారు గీత, అదే చిన్న మెట్టు, రెండూ ఒక్కచోటే దాటినట్టు ఉంటాయి. మన చిన్న విండోలో వేస్తే Y2 గరిష్ఠం −0.168 దగ్గర ఆగిపోతుంది, అక్షాన్ని అందుకోదు. మొదటిదానికి నాలుగు వాస్తవ మూలాలు, రెండోదానికి రెండే. 615.168 పెడితే సరిగ్గా 1.2 దగ్గర అక్షాన్ని తాకి వెనక్కి వస్తుంది, అక్కడ గుర్తు మారదు. కాలిక్యులేటర్ zero ఇలాంటి తాకే మూలం దగ్గర ఎర్రర్ చూపించడం మామూలే. అప్పుడు maximum ఆదేశంతో గరిష్ఠం తీసి, దాని విలువ సున్ననా కాదా చూసుకోవాలి.

ఐదో తరగతి బహుపది వస్తే f''' దాకా దిగితే వర్గ సమీకరణం దొరుకుతుంది. దాని మూలాలతో f'' గుర్తులు, వాటితో f' గుర్తులు, అలా ఒక్కో మెట్టు పైకి రావాలి. పని పెరుగుతుంది గానీ తర్కం మారదు.

మీ మరిది దగ్గర కొత్త టీఐ-84 ప్లస్ సీఈ ఉంటే దాని గ్రాఫ్ భాగానికి అడ్డంగా 265 చుక్కలు, కాబట్టి పై లెక్కల్లో 94 బదులు 264 పెట్టుకోవాలి. దానిలో ZStandard లోనే 1, 1.2 మధ్య రెండు మూడు చుక్కలు పడతాయి, గీత కాస్త వణికినట్టు కనిపించొచ్చు. కానీ మలుపులు 0.02 దూరంలో ఉన్న ఫంక్షన్ ఇస్తే అదీ చూపించలేదు. పిల్లలు ఫోన్‌లో డెస్మాస్ వాడుతుంటే చుక్కల బాధ చాలా తగ్గుతుంది, కొండా గెనిమల బాధ మాత్రం తగ్గదు. అక్కడ కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి x, y హద్దులు ఈ అంకెలే టైపు చేయమనండి. రెండు వేళ్లతో జూమ్ చేస్తే రెండు అక్షాలూ కలిసి మారతాయి, మనకు కావాల్సింది విడివిడిగా మారడం.

ఇదంతా బహుపదులకు మాత్రమే. మూలాలకు హద్దు ఉండటం, డెరివేటివ్ తీసిన కొద్దీ తరగతి తగ్గి వర్గ సమీకరణానికి చేరడం వాటి గుణం. సైన్, కొసైన్ కలిసిన ఫంక్షన్లకు ఆ భరోసా లేదు. రేడియన్లలో పెట్టి, ZStandard లో Y1=sin(9.4πX) గీయండి. చుక్కకు చుక్కకు మధ్య కోణం సరిగ్గా 2π పెరుగుతుంది, ప్రతి చుక్కా సున్న మీదే పడుతుంది, తెర మీద అక్షం తప్ప ఏమీ కనిపించదు. అలాంటి వాటికి ముందు ఆవర్తనం లెక్కగట్టి, ఒక్క ఆవర్తనానికి కనీసం 20 చుక్కలు వచ్చేలా Xmin, Xmax పెట్టుకోవాలి. దీనికి ఆవర్తనం 2/9.4, అంటే 0.2128 కాబట్టి, 0 నుంచి 1 వరకు పెడితే సరిపోతుంది.